అటాచ్ చేశామంటారు, ఇక్కడ ఫైల్ ఉండదు. నొప్పించకుండా ఎలా అడగాలి?

ప్రశ్న: నేను నెల్లూరులో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. కావలిలో సిమెంటు, ఐరన్ షాపు ఉన్న ఒక పెద్దాయన మాకు పాత క్లయింటు. "సెప్టెంబరు బిల్లులు అటాచ్ చేశాను, చూడమ్మా" అని మెయిల్ పెట్టారు. అందులో ఏ ఫైలూ లేదు. సబ్జెక్ట్ ముందు Re: అని ఉంది, సిమెంటు కంపెనీ వాళ్ల అడ్రస్ కూడా ఉంది. "సార్, మీరు ఫైల్ అటాచ్ చేయలేదు, సరిచూసుకుని మళ్లీ పంపండి" అని రాశాను. ఆయన ఫోన్ చేసి "నేనేమన్నా అబద్ధం చెప్తుండానా, నా ఫోన్లో కనిపిస్తా ఉంది కదా" అని కోప్పడ్డారు. పీడీఎఫ్ కనిపించే స్క్రీన్‌షాట్ కూడా వాట్సాప్‌లో పంపారు. తర్వాత మళ్లీ మెయిల్ పెట్టారు, అందులోనూ ఫైల్ లేదు. మా సార్‌కి కూడా చెప్పారంట. 20వ తేదీ లోపల రిటర్న్ వేయాలి. ఇప్పుడు ఆయన్ని ఎలా అడగాలి?

జవాబు: ఆయన అబద్ధం చెప్పడం లేదమ్మా. మీరు చూసిందీ నిజమే. ఇద్దరి ఫోన్లలో ఒకే మెయిల్ రెండు రకాలుగా కనిపిస్తోంది, గొడవంతా అక్కడే ఉంది. ఎందుకలా కనిపిస్తోందో మీకు తెలిస్తే అడిగే మాట దానంతటదే మారిపోతుంది, అందుకే ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మాటల దగ్గరికి వస్తాను.

మీరు రాసిన వాటిలో రెండు గుర్తులు ఉన్నాయి. సబ్జెక్ట్ ముందు Re: ఉందన్నారు, సిమెంటు కంపెనీ అడ్రస్ కూడా ఉందన్నారు. అంటే ఆయన కొత్త మెయిల్ రాయలేదు. కంపెనీ వాళ్లు బిల్లుల పీడీఎఫ్ పెట్టి ఆయనకు పంపిన మెయిల్ తెరిచి, దాని కింద Reply గానీ Reply all గానీ నొక్కి, మీ అడ్రస్ చేర్చి, "అటాచ్ చేశాను చూడమ్మా" అని రాసి పంపారు. రిప్లై కొట్టినప్పుడు మొదటి మెయిల్లోని అటాచ్‌మెంట్ వెంట రాదు. జీమెయిల్, అవుట్‌లుక్, యాహూ, దాదాపు అన్నీ ఇంతే. దీనికి కారణం ఉంది: రిప్లై అనేది ఫైల్ పంపిన మనిషికే తిరిగి వెళ్తుందని వాటి లెక్క, ఆ మనిషి దగ్గర ఫైల్ ముందే ఉంటుంది కాబట్టి మళ్లీ మోసుకెళ్లడం దండగ. పార్సిల్ అందుకున్నవాళ్లు "అందింది" అని జాబు రాస్తారే గానీ పార్సిల్‌ని కూడా తిరిగి పంపరు కదా, అలాగన్నమాట. Forward నొక్కితే మాత్రం ఫైల్ వెంట వస్తుంది, ఎందుకంటే అది మూడో మనిషికి వెళ్తుంది.

ఇప్పుడు ఆయన ఫోన్లో ఏం కనిపిస్తుందో చూడండి. జీమెయిల్ ఒకే సబ్జెక్ట్ మీద నడిచిన మెయిళ్లన్నిటినీ ఒక కట్టగా చూపిస్తుంది. పైన కంపెనీ మెయిల్, దానికి పీడీఎఫ్, దాని కిందే ఆయన మీకు రాసిన నాలుగు ముక్కలు. ఆయన కంటికి అదంతా ఒకటే మెయిల్. పీడీఎఫ్ నొక్కితే ఓపెన్ అవుతుంది, బిల్లులు కనిపిస్తాయి. ఇంకేం కావాలి, పంపినట్టే కదా. మీ ఇన్‌బాక్స్‌కి మాత్రం కట్టలోని కింది ముక్క ఒక్కటే వచ్చింది. కంపెనీ మెయిల్ మీకు ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆ పీడీఎఫ్ మీ దగ్గర కనిపించే వీలే లేదు. ఆయన పంపిన స్క్రీన్‌షాట్ మళ్లీ తీసి చూడండి, పీడీఎఫ్ పేరు ఎవరి మెయిల్ కింద ఉందో. కంపెనీ పేరు ఉన్న భాగంలోనే ఉండి, ఆయన రాసిన భాగంలో లేకపోతే నేను చెప్పింది నిజమన్నమాట.

రెండోసారి కూడా ఫైల్ రాకపోవడానికి కారణం మీ మాటలోనే ఉంది. "మళ్లీ పంపండి" అన్నారు, ఆయన మళ్లీ పంపారు, సరిగ్గా మొదటిసారి ఎలా పంపారో అలాగే. మనం ఎవరినైనా మళ్లీ పంపమంటే వాళ్లు చేసిన పనే ఇంకోసారి చేస్తారు. దారి తప్పయినప్పుడు ఇంకోసారి నడిచినా చేరేది అక్కడికే. అందుకే ఇలాంటప్పుడు అడిగే మాటలో వేరే దారి చూపించడం తప్పనిసరి.

ఇంకో రకం మాట కూడా చాలా ఆఫీసుల్లో వింటుంటాను. మర్యాద కోసం "మా సిస్టమ్‌లో ప్రాబ్లం సార్, మా దగ్గర ఓపెన్ కావట్లేదు" అనేస్తారు. ఎదుటివాళ్లు నొచ్చుకోరు, నిజమే. కానీ ఆ మాట విన్న మనిషి ఏం చేస్తాడు? మీ సిస్టమ్ బాగయ్యేదాకా ఆగుతాడు. ఆయన వైపు నుంచి చేయాల్సిన పని ఉందని ఆయనకు తెలియనే తెలియదు. 18వ తేదీ గడిచిపోతుంది, 19 గడిచిపోతుంది, మీరు మళ్లీ ఫోన్ చేస్తే "మీ సిస్టమ్ ఇంకా బాగు కాలేదా" అంటాడు. పైగా మీ ఆఫీసుకి చెడ్డపేరు. నొప్పించకూడదని అబద్ధం ఆడక్కర్లేదు, నిజాన్నే ఎవరి తప్పూ ఎత్తకుండా చెప్పొచ్చు. అది ఎలాగో చెప్తాను.

అంతకంటే ముందు మీ వైపు ఒక పరీక్ష చేసుకోండి, రెండు నిమిషాల పని. ఫోన్ యాప్‌లో కాకుండా కంప్యూటర్లో జీమెయిల్ తెరవండి. ఆయన మెయిల్ తెరిచి, కుడి వైపున మూడు చుక్కలు నొక్కితే వచ్చే జాబితాలో Show original అని ఉంటుంది. అది నొక్కితే వేరే ట్యాబ్‌లో మెయిల్ అసలు రూపం, అంటే పైపై అలంకారం లేకుండా సర్వర్ నుంచి ఎలా వచ్చిందో అలా, మొత్తం కనిపిస్తుంది. చూసి కంగారుపడకండి, అంతా చదవాల్సిన పనిలేదు. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి `filename` అని వెతకండి. ఫైల్ నిజంగా వచ్చుంటే ఇలాంటి లైన్లు దొరుకుతాయి:

```
Content-Type: application/pdf; name="bills.pdf"
Content-Disposition: attachment; filename="bills.pdf"
Content-Transfer-Encoding: base64
```

వీటి కింద అర్థంకాని అక్షరాలు పేజీల కొద్దీ ఉంటాయి, అదే ఆ పీడీఎఫ్. ఇవి ఉన్నాయంటే ఫైల్ మీ దాకా వచ్చింది, కనిపించకపోవడం మీ యాప్ తోనో బ్రౌజర్ తోనో వచ్చిన చిక్కు, అప్పుడు ఆయన్ని అడగాల్సిన అవసరమే లేదు. ఇవేవీ లేకపోతే ఆ మెయిల్‌తో ఫైల్ మీ దాకా రాలేదు, ఇందులో అనుమానం లేదు. ఒక్క జాగ్రత్త: మెయిల్ చివర కంపెనీ లోగో బొమ్మ ఉంటే దానికి కూడా `image001.png` లాంటి పేరుతో ఒక లైను ఉంటుంది, దాన్ని చూసి ఫైల్ వచ్చిందనుకోవద్దు. ఎలా ఉంటుందో పోల్చుకోవాలంటే పీడీఎఫ్‌తో వచ్చిన పాత మెయిల్ ఏదైనా తీసి ఇదే పని చేసి చూడండి, తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఈ పరీక్ష ఎందుకు చేయమంటున్నానంటే, ఇది చేసిన మనిషి గొంతు వేరుగా ఉంటుంది. "రాలేదు" అన్న మాట మీద మీకు నమ్మకం ఉంటే గట్టిగా వాదించాల్సిన పని ఉండదు, నెమ్మదిగా చెప్పగలరు. ఈ పరీక్ష సంగతి మాత్రం ఆయనకు చెప్పొద్దు. Show original లో చూశాను, మీ ఫైల్ లేదు అని స్క్రీన్‌షాట్ పంపితే ఆయన పంపిన స్క్రీన్‌షాట్‌కి మీరు పోటీ స్క్రీన్‌షాట్ పెట్టినట్టవుతుంది. ఆ రుజువు మీ కోసం.

ఇక రాసే మాటలు. మీ మొదటి మెసేజ్‌లో ఆయన్ని గుచ్చుకున్నవి రెండున్నాయి. "మీరు చేయలేదు" అన్నారు. ఆయన ఏం చేశారో మీరు చూడలేదు, మీ దగ్గరికి ఏం వచ్చిందో అంతవరకే చూశారు. తెలిసినంతే చెప్పాలి. రెండోది "సరిచూసుకుని". అది స్కూల్లో టీచరు అనే మాట, ఏళ్ల తరబడి షాపు నడిపిన మనిషికి అది పడదు. అలాగే "మర్చిపోయినట్టున్నారు" అని కూడా రాయకండి. మెత్తగా అనిపిస్తుంది గానీ, అదీ ఆయన మనసులో ఏముందో మీరు ఊహించి రాయడమే, పైగా ఈ కేసులో ఆయన మర్చిపోలేదు కూడా.

నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం సార్. ఉదయం మీరు పెట్టిన మెయిల్ అందింది, మీరు రాసిన మాటలు వచ్చాయి. బిల్లుల పీడీఎఫ్ మాత్రం మా దాకా రాలేదు. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాక సంగతి అర్థమైంది: పీడీఎఫ్ మీ దగ్గర సిమెంటు కంపెనీ వాళ్ల మెయిల్‌కి ఉంది, రిప్లై కొట్టినప్పుడు జీమెయిల్ ఆ ఫైల్‌ని వెంట పంపదు. నిన్న నేను రాసిన తీరు బాగోలేదు, మీరు ఏమీ అనుకోవద్దు. ఈసారి ఆ పీడీఎఫ్‌ని వాట్సాప్‌లో ఈ నంబరుకే పంపితే చాలు. సెప్టెంబరు కొనుగోలు బిల్లులు అన్నీ అందులో ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. 18 సాయంత్రానికి అందితే 19న రిటర్న్ వేసేస్తాను."

ఇందులో ప్రతి ముక్కా ఎందుకుందో చెప్తాను, రేపు ఇంకో క్లయింటుతో ఇదే వస్తే మీరే మార్చి రాసుకోవచ్చు. మొదట వచ్చింది చెప్పాం, తర్వాతే రానిది. ఇది వినేవాళ్లకి చాలా తేడాగా ఉంటుంది. "మెయిల్ అందింది" అనగానే ఆయన పంపిన మాట నిజమని మీరు ఒప్పుకున్నట్టవుతుంది, ఇక వాదించాల్సిన అవసరం ఆయనకు ఉండదు. తర్వాత పీడీఎఫ్ "మా దాకా రాలేదు" అన్నాం. ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపారో అన్న ప్రస్తావన లేదు. ఆ తర్వాత కారణం, అది కూడా ఆయన స్క్రీన్‌షాట్ ఆధారంగానే. ఆయన రుజువుగా పంపిందాన్ని మీరు పక్కన పడేయలేదు, దాన్నే చూసి కారణం కనిపెట్టారు. ఇది పైపై మర్యాద మాట కాదు, నిజంగానే ఆ స్క్రీన్‌షాట్ లేకపోతే రిప్లై సంగతి ఇంత తొందరగా తేలేది కాదు. ఫైల్ రాకపోవడానికి కారణంగా "జీమెయిల్ పంపదు" అన్నాం, అదీ ఉన్న మాటే.

క్షమాపణ ఒక్క వాక్యం చాలు. ఎక్కువ రాస్తే ఆయన మళ్లీ "పర్లేదులేమ్మా" అని సర్దిచెప్పే పనిలో పడతారు, ఫైల్ సంగతి వెనక్కి పోతుంది. దాన్ని మధ్యలో పెట్టి, చివర్న చేయాల్సిన పని పెట్టండి. చదివినవాళ్లకి ఆఖరి మాటే గుర్తుంటుంది.

చేయాల్సిన పని ఒక్కటే చెప్పాం, గమనించారా? ఫార్వర్డ్ చేయండి, లేదంటే డౌన్‌లోడ్ చేసి కొత్త మెయిల్లో పెట్టండి, లేదంటే వాట్సాప్, లేదంటే పెన్‌డ్రైవ్‌లో పంపించండి అని నాలుగు దారులు చూపిస్తే షాపులో రద్దీ మధ్య కూర్చున్న మనిషి ఏదీ చేయడు. వాట్సాప్ ఎందుకు ఎంచుకున్నానంటే ఆయన స్క్రీన్‌షాట్ మీకు ఎలాగూ పంపగలిగారు, అంటే ఆ దారి ఆయనకు అలవాటే. పీడీఎఫ్ ఓపెన్ చేశాక పైన షేర్ గుర్తు గానీ, మూడు చుక్కల్లో Send file అని గానీ ఉంటుంది, అక్కడి నుంచి వాట్సాప్‌కి వెళ్తుంది. బిల్లుల్ని ఫొటో తీసి పంపొద్దని కూడా మాటల్లో చెప్పండి, వాట్సాప్ ఫొటోల సైజు తగ్గించేస్తుంది, అప్పుడు జీఎస్‌టీ నంబర్లూ చిన్న అంకెలూ మసకబారతాయి. పీడీఎఫ్‌ని డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

మీ ఆఫీసులో మెయిల్ ద్వారానే తీసుకోవాలన్న పద్ధతి ఉంటే ఫార్వర్డ్ చేయమనాలి, కానీ అక్కడ ఒక గోతి ఉంది, అది మీకు తెలిసుండాలి. మెయిళ్ల కట్ట తెరిచి అట్టడుగున కనిపించే Forward బటన్ నొక్కితే అది చివరి మెయిల్‌ని ఫార్వర్డ్ చేస్తుంది. చివరి మెయిల్ ఏది? ఆయన మీకు రాసిన రిప్లై. దానికి ఫైల్ లేదు. మళ్లీ అదే కథ, ఈసారి మీరు చెప్పినట్టే చేశారు కూడా! కాబట్టి కట్టలో కంపెనీ వాళ్ల మెయిల్ మీద నొక్కి, అది విచ్చుకున్నాక దాని పక్కనే ఉన్న మూడు చుక్కల్లోంచి Forward ఎంచుకోవాలి. పంపే ముందు రాసే చోటు కింద పీడీఎఫ్ పేరు కనిపించాలి, కనిపించకపోతే పంపొద్దు. ఆ ఒక్క గుర్తు చెప్తే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు. రిప్లైలో, ఫార్వర్డ్‌లో ఏం జరుగుతుందో పాఠం చెప్పాల్సిన పనిలేదు.

తేదీ గురించి కూడా ఒక మాట. "20 దాటితే ఫైన్ పడుతుంది సార్" అని చాలామంది రాస్తారు. నెలవారీ జీఎస్‌టీఆర్ త్రీబీకి గడువు తర్వాతి నెల 20, దాటితే అమ్మకాలున్న రిటర్న్‌కి రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, ఆలస్యంగా కట్టిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇది ఆయనకు మీకంటే బాగా తెలుసు, ఏళ్ల తరబడి కడుతున్న మనిషి. కోపంగా ఉన్నప్పుడు దాన్ని గుర్తుచేస్తే బెదిరింపులా వినిపిస్తుంది. దాని బదులు మీరేం చేస్తారో చెప్పండి: 18కి అందితే 19న వేస్తాను. గడువు అందులోనే ఉంది, ఆయన లెక్క కట్టుకోగలరు. ఒకవేళ "టూబీలో అన్నీ కనిపిస్తాయి కదమ్మా, బిల్లులెందుకు" అంటే దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 14వ తేదీన వచ్చే జీఎస్‌టీఆర్ టూబీలో కంపెనీ వేసిన బిల్లులు కనిపిస్తాయి గానీ, ఆ సరుకు షాపుకి దిగిందా, ఏదైనా వెనక్కి పంపారా అన్నది బిల్లులూ ఆయన లెక్కా చూస్తేనే తేలుతుంది.

మెసేజ్ ఆయనకు ఒక్కరికే పంపండి. మీ మొదటి జవాబు ఎవరెవరికి వెళ్లిందో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఆయన మెయిల్లో సిమెంటు కంపెనీ అడ్రస్ కూడా ఉందన్నారు. మీరు అలవాటు ప్రకారం Reply all నొక్కి ఉంటే "మీరు ఫైల్ అటాచ్ చేయలేదు, సరిచూసుకోండి" అన్న మాట కంపెనీ సేల్స్ వాళ్లకీ వెళ్లి ఉంటుంది. ఆయన అంతగా కోప్పడటానికి అదీ ఒక కారణం కావచ్చు. వ్యాపారంలో సరుకు అప్పు మీద తెచ్చుకునే చోట ఆ పరువు చాలా పెద్దది. అలా వెళ్లి ఉంటే ఆయనతో ఫోన్లో మాట్లాడి ఆ ఒక్క విషయానికీ విడిగా సారీ చెప్పండి, దాని గురించి కంపెనీకి మాత్రం మళ్లీ మెయిల్ పెట్టకండి.

అసలు ఈ మనిషికి నేనైతే మెసేజ్ కంటే ముందు ఫోనే చేస్తాను. ఒకసారి మాట పెరిగాక రాతలో ఎంత మెత్తగా రాసినా ఎదుటివాళ్లు దాన్ని గట్టిగానే చదువుతారు. ఉదయం షాపు తెరిచే హడావిడిలో వద్దు, మధ్యాహ్నం భోజనాలయ్యాక బేరం పలచగా ఉండే వేళ చేయండి. సంభాషణ ఇలా నడవొచ్చు:

"పెద్దాయనా, నమస్కారం. తిన్నారా? నిన్నటి మెయిల్ గురించి చేశాను. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను, బిల్లులు మీ ఫోన్లో ఉన్నాయి, కరెక్టే."

"మరి అదే కదా నేను చెప్పింది?"

"అవునండి. అది కంపెనీ వాళ్లు మీకు పంపిన మెయిల్లో ఉంది. రిప్లై కొడితే ఆ ఫైల్ మా దాకా రాదు, జీమెయిల్ పద్ధతే అంత. మీ మాటలొచ్చాయి, పీడీఎఫ్ అక్కడే ఉండిపోయింది. ఒక్కసారి పీడీఎఫ్ ఓపెన్ చేసి వాట్సాప్‌లో నాకు షేర్ చేస్తారా? నేను లైన్లోనే ఉంటాను."

"ఓ, అట్నా. ఉండు, అబ్బాయికి ఇస్తా."

ఇక్కడ "నేను లైన్లోనే ఉంటాను" అన్నది ముఖ్యం. ఫైల్ మీ ఫోన్లో దిగేదాకా ఫోన్ పెట్టకండి. "అందింది పెద్దాయనా, ఏడు పేజీలున్నాయి, ఓపెన్ అయింది" అని ఆ క్షణమే చెప్పగలిగితే పని అక్కడే అయిపోతుంది. "అబ్బాయికి ఇస్తా" అన్నప్పుడు షాపులో ఉన్న కుర్రాడితో కూడా ఇదే గౌరవంతో మాట్లాడండి, "మీ ఓనర్‌కి ఫోన్ సరిగ్గా రాదు కదా" లాంటి మాట నవ్వుతూ కూడా అనొద్దు, అది సాయంత్రానికి ఆయన చెవిన పడుతుంది.

అన్ని కేసులూ రిప్లైవే కావు, రెండు మాత్రం చెప్పి వదిలేస్తాను. సబ్జెక్ట్ ముందు Re: లేకుండా కొత్త మెయిలే వచ్చి, అందులో ఫైల్ బదులు నీలం రంగు లింక్ ఉంటే అది చాలావరకు గూగుల్ డ్రైవ్ లింక్. జీమెయిల్లో 25 ఎంబీ దాటిన ఫైల్ అటాచ్‌మెంట్‌గా వెళ్లదు, డ్రైవ్‌లోకి ఎక్కి లింక్‌గా మారుతుంది. మెయిల్లో వెళ్లేటప్పుడు ఫైల్ దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది కాబట్టి ఇరవై ఎంబీ ఫైల్ దగ్గరే ఈ సమస్య మొదలవచ్చు. స్కాన్ చేసిన బిల్లులకి ఇది తరచూ వస్తుంది. నొక్కితే You need access అని వస్తే, పంపినవాళ్లు మీ అడ్రస్‌కి అనుమతి ఇవ్వాలి. అప్పుడు ఫైల్ రాలేదు అనకండి, "లింక్ అందింది, తెరవడానికి అనుమతి అడుగుతోంది, Request access నొక్కాను, మీకు ఒక మెయిల్ వస్తుంది, అందులో ఒప్పుకుంటే చాలు" అనండి. రెండోది `winmail.dat` అనే ఫైల్. పెద్ద ఆఫీసుల వాళ్లు అవుట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ పద్ధతిలో పంపినప్పుడు వాళ్ల పీడీఎఫ్ ఆ మూటలోకి వెళ్లిపోతుంది, అవతలివాళ్ల యాప్ దాన్ని విప్పలేకపోతే ఆ పేరే కనిపిస్తుంది. వాళ్ల సెంట్ ఫోల్డర్లో మాత్రం పీడీఎఫ్ చక్కగా ఉంటుంది. వాళ్లని "మెయిల్‌ని హెచ్‌టీఎంఎల్ ఫార్మాట్‌లో పంపగలరా" అని అడిగితే చాలు, అవుట్‌లుక్‌లో అది మార్చుకునే వీలుంది.

ఫైల్ అందాక మెయిల్లోనో వాట్సాప్‌లోనో ఒక లైను రాయండి: "సెప్టెంబరు కొనుగోలు బిల్లుల పీడీఎఫ్ అందింది, ఏడు పేజీలు, అన్నీ ఓపెన్ అయ్యాయి." ఉత్త "థాంక్యూ సార్" వద్దు. ఏం అందిందో పేరు పెట్టి చెప్పడం అలవాటైతే, ఎప్పుడైనా మీరు అలా రాయకపోతే ఆయనకే అనుమానం వచ్చి అడుగుతారు. మీ సార్‌కి కూడా ఒక్క మాట చెప్పండి: ఆయన పంపారు, రిప్లైలో ఫైల్ ఆగింది, ఇప్పుడు అందింది. మీరు కరెక్టా ఆయన కరెక్టా అన్న చర్చలోకి దిగకండి, ఇద్దరూ చూసింది నిజమే.

వచ్చే నెలకి ఇది మళ్లీ రాకుండా ఒక ఏర్పాటు ఉంది. కంపెనీ వాళ్లు బిల్లులు పంపేటప్పుడు డీలర్ మెయిల్‌తో పాటు అకౌంటెంట్ మెయిల్‌కి కూడా కాపీ పెట్టగలరు, అడిగితే సాధారణంగా చేస్తారు. కానీ అది ఆయనే అడగాలి, ఆయన ఖాతా, ఆయన బిల్లులు. రిటర్న్ వేసేశాక, మనసు కుదుటపడ్డాక ఆయనకు చెప్పండి: "పెద్దాయనా, కంపెనీ సేల్స్ వాళ్లకి ఒక మాట చెప్తే బిల్లులు మీకు వచ్చినప్పుడే మాకూ వచ్చేస్తాయి, మీకు ప్రతి నెలా ఈ పని తప్పుతుంది." ఒప్పుకుంటే ఆయన కంపెనీకి పంపాల్సిన రెండు లైన్లు మీరే రాసి, మీ ఆఫీసు మెయిల్ అడ్రస్ అక్షరం తప్పు లేకుండా చేర్చి ఆయన వాట్సాప్‌లో పెట్టండి. ఆయన దాన్ని కాపీ చేసి వాళ్లకి పంపితే సరిపోతుంది.